కొత్త జోడీ ముందుగా తేల్చుకోవాల్సిన బిడ్

ముందు పరిచయం లేని ఇద్దరు బ్రిడ్జి బల్లకు ఎదురెదురుగా కూర్చుని జోడీ కట్టారనుకోండి. ముక్కలు పంచేలోపు వాళ్లు అడుక్కోవాల్సిన మొదటి ప్రశ్న "మీ నోట్రంప్ ఎంత?" అన్నదే. ఒకటి నోట్రంప్ అనే బిడ్‌తో ఆట మొదలుపెడితే చేతిలో ఎన్ని పాయింట్లున్నట్టు అని దాని అర్థం. అమెరికా పద్ధతి నేర్చినవారు 15 నుంచి 17 అంటారు. ఇంగ్లండులో పుట్టిన ఏకాల్ పద్ధతిలో ఆడేవారు 12 నుంచి 14 అంటారు. ఇద్దరూ చెరో పద్ధతి మనసులో పెట్టుకుని బల్లకు కూర్చుంటే మొదటి పంపకంలోనే దెబ్బ తింటారు. నన్నడిగితే కొత్త జోడీ 15-17నే ఎంచుకోవాలి. పాఠాలు, పుస్తకాలు ఎక్కువగా దాని మీదే ఉన్నాయి, పైగా బలహీనమైన చేతితో చిక్కుల్లో పడే ప్రమాదం తక్కువ.

పాయింట్ల లెక్క తేలిక. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. ఒక్కో రంగులో 10, పేక మొత్తంలో 40. అంటే సగటు చేతికి 10 వస్తాయి. ఈ లెక్కను మిల్టన్ వర్క్ ప్రచారంలోకి తెచ్చాడు, 1940ల చివర్లో చార్లెస్ గోరెన్ దాన్ని ఇంటింటి ఆటగాడి దాకా చేర్చాడు. మూడు నోట్రంప్‌కు తొమ్మిది పట్లు తీయాలి. ఇస్పేటు గానీ ఆఠీను గానీ తురుపుగా నాలుగు చెబితే పది పట్లు. ఈ రెండింటినీ గేమ్ అంటారు, మార్కులన్నీ అక్కడే ఉంటాయి. జోడీ ఇద్దరి దగ్గరా కలిపి 25 పాయింట్లుంటే గేమ్ చెప్పడం మంచి బేరం.

ఒకటి నోట్రంప్ అంత విలువైనది కావడానికి కారణం ఇదే. మామూలుగా ఒకటి ఆఠీను అని మొదలుపెడితే (ఆ రంగులో కనీసం ఐదు ముక్కలు ఉండాలన్నది ఇప్పటి వాడుక) చేతిలో 12 ఉండొచ్చు, 20 కూడా ఉండొచ్చు. నోట్రంప్ మాత్రం మూడు పాయింట్ల ఇరుకులో బలాన్ని చెప్పేస్తుంది, చేతి ఆకారాన్ని కూడా చెబుతుంది. నాలుగు రంగులూ దాదాపు సమంగా పంచుకుని ఉండాలి: 4-3-3-3, 4-4-3-2, లేదా 5-3-3-2. ఇక ఎదుటివాడు తన పాయింట్లు కలుపుకుంటే చాలు. ఏడు లోపు ఉంటే పాస్. ఎనిమిది, తొమ్మిది ఉంటే రెండు నోట్రంప్ అని అడుగుతాడు. పది దాటితే నేరుగా గేమ్. ఆ క్షణం నుంచి నిర్ణయం అతనిదే. మొదట నోరు విప్పినవాడు ఇంక తనంతట తాను ముందుకు ఉరకకూడదు. కొత్త జోడీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "నాకు 17 ఉన్నాయి కదా" అని భాగస్వామి పాస్ చేసిన తర్వాత కూడా మళ్లీ బిడ్ చెప్పేస్తారు. ఆ 17 గురించి మొదటి బిడ్‌లోనే చెప్పేశారు, రెండోసారి చెప్పడానికి ఏమీ మిగలలేదు.

అయితే గేమ్‌కు సరిపడా బలం ఉందని తెలియడం వేరు, ఏ గేమ్ అన్నది తెలియడం వేరు. దీనికోసమే స్టేమన్ అనే కన్వెన్షన్. దీన్ని రూపొందించింది జార్జ్ రేపీ. అతని భాగస్వామి శామ్ స్టేమన్ 1945లో బ్రిడ్జ్ వరల్డ్ పత్రికలో దాని గురించి రాయడంతో స్టేమన్ పేరే నిలిచిపోయింది. నోట్రంప్‌కు జవాబుగా రెండు కళావరు అంటే కళావరు ఉందని కాదు, "నీ దగ్గర ఇస్పేటు గానీ ఆఠీను గానీ నాలుగు ముక్కలున్నాయా?" అని ప్రశ్న. ఉంటే ఆ రంగు రెండు అని చెప్పాలి, లేకపోతే రెండు డైమండ్ అనాలి.

ఒక పంపకం చూద్దాం. మొదలుపెట్టేవారి చేతిలో ఇస్పేటు ఆసు, 8, 3. ఆఠీను రాజు, జాకీ, 7, 4. డైమండ్ ఆసు, 9, 5. కళావరు రాజు, జాకీ, 6. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు కలిపి 16 పాయింట్లు, ఆకారం సమం, కాబట్టి ఒకటి నోట్రంప్. ఎదురుగా ఉన్నవారికి ఇస్పేటు రాజు, 6, 4, 2. ఆఠీను ఆసు, రాణి, 8, 5. డైమండ్ 7, 2. కళావరు రాణి, 7, 3. పాయింట్లు 11. గేమ్ ఖాయమే, కానీ డైమండ్ మాత్రం రెండే చిన్న ముక్కలు. అందుకే రెండు కళావరు అని అడిగారు. జవాబు రెండు ఆఠీను. వెంటనే నాలుగు ఆఠీను.

అడగకుండా మూడు నోట్రంప్ అని ఉంటే ఏమయ్యేది? ప్రత్యర్థి డైమండ్ వేస్తాడు. మనకు అందులో ఒక్క ఆసే అడ్డు. చూడగానే దొరికే పట్లు ఏడు: ఇస్పేటులో రెండు, ఆఠీనులో నాలుగు, డైమండ్ ఆసు. మిగతా రెండూ కళావరులో రావాలి, అందుకు వాళ్ల కళావరు ఆసుకు ఒక పట్టు వదులుకోక తప్పదు. ఐదు డైమండ్లున్నవాడి దగ్గరే ఆ ఆసు కూడా ఉంటే, మూడో సుత్తు దాకా మన డైమండ్ ఆసును దాచినా, వాళ్లు నాలుగు డైమండ్లు, కళావరు ఆసు లాగేస్తారు. ఒక పట్టు తక్కువై ఓడిపోతాం.

ఆఠీను తురుపు అయితే కథ వేరు. డైమండ్ ఆసుతో మొదటి పట్టు తీసుకుని, తర్వాత ఒక డైమండ్ వదిలేస్తే, మూడో డైమండ్‌ను బల్ల మీద పరిచిన చేతిలోని తురుపుతో కొట్టొచ్చు. బయట ఉన్న ఐదు ఆఠీన్లు 3-2గా చీలితే (సుమారు 68 శాతం అవకాశం) మూడు సార్లు తురుపు లాగినా ఇద్దరి చేతుల్లోనూ ఒక్కోటి మిగులుతుంది. అంటే తురుపులో నాలుగుకు బదులు ఐదు పట్లు. ఇస్పేటులో రెండు, డైమండ్ ఆసు, కళావరులో రెండు కలిపి పది. అవే ముక్కలు, అవే 27 పాయింట్లు. తేడా అంతా ఆ చిన్న తురుపులు తెచ్చిన అదనపు పట్టులో ఉంది. పాయింట్ల లెక్క ఈ పట్టును చూడలేదు. అందుకే నాలుగు-నాలుగు జత కోసం వెతకాలి.

ఐదు ముక్కల రంగు ఉన్నప్పుడు రెండో కన్వెన్షన్ అక్కరకొస్తుంది. ఆస్వాల్డ్ జాకబీ 1956లో అమెరికాలో ప్రచారం చేసిన ట్రాన్స్‌ఫర్ ఇది. రెండు డైమండ్ అంటే "నా దగ్గర ఐదు ఆఠీన్లు, నువ్వు రెండు ఆఠీను అను" అని. రెండు ఆఠీను అంటే ఇస్పేటు. బలమైన చేయి బల్ల మీద పరచకుండా దాగి ఉంటుంది, మొదటి ముక్క దాని మీదికే వస్తుంది. నా లెక్కలో దీని అసలు మేలు బలహీనమైన చేతికే. మూడు పాయింట్లు, జాకీతో ఐదు ఆఠీన్లు ఉన్నాయనుకోండి. నోట్రంప్‌లో ఆ చేయి పనికిరాదు. రెండు డైమండ్ అని, భాగస్వామి రెండు ఆఠీను అనగానే పాస్ చేస్తే, ఆ చిన్న ఆఠీన్లే తురుపులై రెండు మూడు పట్లు తెస్తాయి.

మరచిపోతే మాత్రం నష్టం పెద్దది. రెండు డైమండ్‌ను నిజం డైమండ్ అనుకుని భాగస్వామి పాస్ చేశాడంటే, మూడే డైమండ్లతో తురుపు ఆడాల్సిన గతి పడుతుంది. ప్రత్యర్థులు మధ్యలో దూరినప్పుడు ఈ మరపు ఎక్కువ. అందుకని ఆ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. నోట్రంప్ మీద ప్రత్యర్థి డబుల్ అంటే స్టేమన్, ట్రాన్స్‌ఫర్ రెండూ మామూలుగానే నడుస్తాయి. వాళ్లు ఏదైనా రంగు చెబితే రెండూ రద్దు, ఏ రంగు చెబితే ఆ రంగే ఉన్నట్టు. మరో మంచి పద్ధతులు లేవని కాదు, కొత్తవారికి గుర్తుండేది ఇదే. ఈ ఒప్పందాలు జోడీ మధ్య రహస్యాలు కావు. కన్వెన్షన్ కార్డు మీద రాసి ఉంచాలి, ప్రత్యర్థులు అడిగితే అర్థం విడమరచి చెప్పాలి.