రేవు గేటు, కాటా: రెండు బారులు దాటడానికి లారీకి ఎంతసేపు?

అండమాన్ దీవులకు బియ్యం, సిమెంటు, ఇనుము వంటివి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి రావాలి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సరుకు ఓడలు ప్రధానంగా హడ్డో రేవులో ఆగుతాయి. ఇలాంటి రేవులో లారీలకు సాధారణంగా రెండు మజిలీలు ఉంటాయి. ఒకటి కాగితాలు చూసే గేటు. రెండోది తూకం వేసే వేబ్రిడ్జి, అంటే లారీ కాటా. గేటు దాటిన లారీ నేరుగా కాటా బారులో చేరుతుంది. మరి రెండూ దాటడానికి సగటున ఎంతసేపు పడుతుంది?

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. గంటకు సగటున 12 లారీలు వస్తాయి. గేటు దగ్గర ఒక్కో లారీకి 3 నిమిషాలు, అంటే గంటకు 20 లారీలను పంపగలరు. కాటా మీద 4 నిమిషాలు, అంటే గంటకు 15. ఎక్కే, దిగే సమయమూ ఇందులోనే ఉంది. పైపైన చూస్తే మొత్తం 7 నిమిషాల పని. కానీ లారీలు కొలిచినట్టు 5 నిమిషాలకు ఒకటి రావు. ఒకసారి మూడు కలిసి వస్తాయి, మరోసారి పావుగంట ఒక్కటీ రాదు. బారు పెరిగేది అందుకే.

రాకలు ఇలా యాదృచ్ఛికంగా ఉండి, పని సమయం కూడా చాలా లారీలకు తక్కువగా, కొన్నింటికి చాలా ఎక్కువగా ఉంటే, ఒక్కో మజిలీలో గడిచే సగటు సమయానికి చిన్న సూత్రం ఉంది:

W = 1/(μ − λ)

ఇక్కడ λ గంటకు వచ్చే లారీలు, μ గంటకు పంపగల లారీలు. గేటు దగ్గర 1/(20 − 12), అంటే గంటలో ఎనిమిదో వంతు, 7.5 నిమిషాలు. కాటా దగ్గర 1/(15 − 12), అంటే 20 నిమిషాలు. మొత్తం 27.5 నిమిషాలు.

రెండింటినీ ఇలా విడివిడిగా లెక్కకట్టి కలపవచ్చా? గేటు వల్ల లారీల రాక తీరు మారిపోదా? అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన పాల్ బర్క్ 1956లో దీనికి జవాబు నిరూపించారు. పై షరతులు ఉన్నంతవరకు, దీర్ఘకాలంలో గేటు నుంచి బయటికొచ్చే లారీలు కూడా లోపలికి వచ్చినంత యాదృచ్ఛికంగానే, గంటకు అదే 12 చొప్పున వస్తాయి. కాబట్టి కాటాకు కూడా అదే సూత్రం సరిపోతుంది.

ఈ లెక్క వల్ల డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. గేటు దగ్గర ఒక నిమిషం తగ్గించి 2 నిమిషాలకు తెస్తే, అక్కడి సమయం 7.5 నుంచి 3.3 నిమిషాలకు దిగుతుంది. సుమారు 4 నిమిషాలు ఆదా. అదే ఒక నిమిషం కాటా దగ్గర తగ్గిస్తే, 20 నిమిషాలు కాస్తా 7.5 అవుతాయి. ఆదా 12.5 నిమిషాలు, అంటే మూడు రెట్లు. రద్దీ పెరిగితే దెబ్బ తగిలేదీ కాటా దగ్గరే. గంటకు 12కు బదులు 14 లారీలు వస్తే గేటు దగ్గర 10 నిమిషాలు, కాటా దగ్గర ఏకంగా గంట పడుతుంది. పెరిగినవి రెండు లారీలే, మొత్తం సమయం మాత్రం 27.5 నుంచి 70 నిమిషాలకు చేరింది.

అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదు. ఖాళీ లారీని ఒకసారి, సరుకు నింపాక మరోసారి అదే కాటా మీద తూస్తే, దాని మీదికి గంటకు 24 సార్లు లారీ ఎక్కాలి. సామర్థ్యం 15 మాత్రమే. అప్పుడు సూత్రంలో రుణసంఖ్య వస్తుంది. బారు ఎప్పటికీ కుదుటపడదని దాని అర్థం.

ఓడ రాగానే 20 లారీలు ఒకేసారి వచ్చినా ఈ సూత్రం పనికిరాదు. అప్పుడు నేరుగా లెక్కించాలి. పని సమయాల్లో హెచ్చుతగ్గులు లేవనుకుంటే, మొదటి లారీ 7 నిమిషాలకు, చివరిది 83 నిమిషాలకు బయటపడతాయి. సగటు 45 నిమిషాలు. ఇక్కడ గేటును నిమిషం వేగవంతం చేస్తే మిగిలేది ఒక్క నిమిషమే. కాటాను వేగవంతం చేస్తే పదిన్నర నిమిషాలు.

మూడో చిక్కు స్థలం. గేటుకూ కాటాకూ మధ్య నాలుగు లారీలే పడితే, అవి నిండగానే కాగితాల పని ముగిసిన లారీ కూడా గేటు దగ్గరే నిలబడిపోతుంది. గేటు సిబ్బంది ఖాళీగా ఉన్నా బయట బారు సాగుతుంటే, తప్పు గేటుది కాదు, కాటాది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. లారీ బారులో చేరిన వేళ, గేటు దాటిన వేళ, తూకం చీటీ మీద ఉన్న వేళ వారం రోజుల పాటు రాసిపెట్టుకుంటే చాలు. ఆలస్యం ఏ మజిలీలో పేరుకుంటోందో ఆ మూడు అంకెలే చెబుతాయి.