‘భవాన్’ అంటే ఆయన కాదు

సంస్కృతం కొద్దిగా వచ్చినవారు శ్లోకాన్ని తెనిగించబోతే కొత్త మాట కనబడిన చోటల్లా నిఘంటువు తీస్తారు. చిక్కు తరచు తెలిసిన మాటల దగ్గరే వస్తుంది. అది చూపడానికి ఈ వ్యాసం కోసమే అల్లిన శ్లోకం ఇది. ఒక మంత్రి తన రాజుతో అంటున్నాడనుకోండి:

ఉదితే భాస్కరే రాజన్ భవానుద్యోగమాచరేత్ ।
భయం శత్రోర్న కర్తవ్యం సచివైః సహితో వ్రజేత్ ॥

మొదటి రెండు మాటలూ సప్తమిలో ఉన్నాయి. సప్తమి అంటే ‘అందు’, ‘లో’ అని బడిలో వల్లించాం కదా అని ‘ఉదయించిన సూర్యునిలో’ అని రాస్తే అర్థమే ఉండదు. ఒక పని జరగగా మరొకటి జరుగుతుందని చెప్పే సప్తమి ఇది. సతి సప్తమి అంటారు. తెలుగులో దీనికి విభక్తితో పనిలేదు. ‘భాస్కరుడు ఉదయించగా’ అంటే చాలు.

అసలు పరీక్ష ‘శత్రోః’ దగ్గర. ఉకారాంత పుంలింగ శబ్దాలకు పంచమి, షష్ఠి ఏకవచనాలు ఒకేలా ఉంటాయి. షష్ఠి అనుకుంటే ‘శత్రువు యొక్క భయం’ అవుతుంది, భయపడేది శత్రువే అయి కూర్చుంటాడు. భయానికి కారణమైనది పంచమిలో వస్తుందని పాణిని నియమం, కాబట్టి ఇక్కడ పంచమే. అలాగని ‘శత్రువు నుండి భయపడకండి’ అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం పులికి భయపడతాం, పులి నుండి కాదు. కనుక ‘శత్రువుకు భయపడవద్దు’. తమాషా ఏమిటంటే మన వ్యాకరణాల్లో ‘కి, కు’లు షష్ఠి కిందే ఉన్నాయి. విభక్తి పేరు మారినా అర్థం చెక్కుచెదరలేదు.

‘భవాన్’తో క్రియ ఎప్పుడూ ప్రథమపురుషలోనే ఉంటుంది. ‘ఆచరేత్’ను చూసి ‘ఆయన చేయాలి’ అని రాస్తే ఎదుట ఉన్న రాజు మాయమైపోతాడు. ‘రాజన్’ అని పిలుస్తున్నాడు కనుక నేటి వచనంలో అది ‘మీరు’. స్తోత్రాల్లోని ‘త్వం’ సంగతి వేరు. తెలుగు భక్తుడు వెంకన్నను నీవనే పిలుస్తాడు. అక్కడ ‘మీరు’ పెడితే మర్యాద పెరగదు, చనువు పోతుంది.

ఇక ‘ఉద్యోగం’. తత్సమమే కదా అని ఉన్నదున్నట్టు దించితే రాజు పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరతాడు. సంస్కృతంలో దానికి పూనిక, ప్రయత్నం అని అర్థం. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధ సన్నాహాల కథ. ‘సచివులు’ మాత్రం అలాగే ఉండవచ్చు, తెలుగులోనూ అర్థం మారలేదు. లింగం కూడా చూసుకోవాలి. భాస్కరః, వృక్షః రెండూ అక్కడ పుంలింగాలే అయినా తెలుగులో ఒకటి భాస్కరుడు, రెండోది వృక్షం.

‘రాజా! భాస్కరుడు ఉదయించగా మీరు ప్రయత్నం మొదలుపెట్టాలి. శత్రువుకు భయపడవద్దు. సచివులతో కూడి సాగాలి.’

మీ అనువాదం పూర్తయ్యాక మూలం చూడని మనిషికి చదివి వినిపించండి. ఎవరు ఎవరితో అంటున్నారో ఆ మనిషి పోల్చుకోలేకపోతే, మళ్ళీ రాయాల్సిందే.