పోతనాళలో తిరిగొచ్చిన పార్సిళ్లు: 36 పెద్దదా, 28 పెద్దదా?

రాయచూరు నుంచి సింధనూరు వెళ్లే రోడ్డు మీద, మాన్వి దాటాక వచ్చే ఊరు పోతనాళ. చుట్టూ తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లతో పండే వరి పొలాలు. 1953లో డ్యాం పూర్తయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు ఈ ప్రాంతంలో భూములు కొనుక్కుని, పొలం గట్టునే పాకలు వేసుకుని ఉండిపోయారు. ఆ నివాసాలకు అప్పుడు పడిన పేరు క్యాంపు. ఇప్పుడు డాబాలు లేచినా పేరు క్యాంపే. పోతనాళ బజారులో పార్సిల్ ఇవ్వడం వేరు, కాలువ గట్టు పట్టుకుని వెళ్లి క్యాంపులో ఇవ్వడం వేరు. ఈ తేడా కొరియర్ డిస్పాచర్ చేతికి వచ్చే కాగితంలో కనిపిస్తుందా లేదా అన్నదే ఇక్కడ మనం చూడబోయేది.

ఆ కాగితాన్ని కొరియర్ వాళ్లు ఎన్‌డీఆర్ అంటారు. తీసుకెళ్లి, ఇవ్వలేక వెనక్కి తెచ్చిన పార్సిళ్ల రిపోర్టు అది. అందులో ప్రాంతం ఒక గడి, కారణం ఒక గడి. ఈ రెండింటినీ విడివిడిగా చదివితే ఒక కథ, కలిపి చదివితే మరో కథ వస్తుంది. దీన్ని చూపించడానికి ఒక వారం లెక్క నేనే వేశాను. ఇందులోని అంకెలు ఏ కంపెనీవీ కావు, కానీ లెక్క నడిచే తీరు మాత్రం ఏ హబ్‌లోనైనా ఇదే.

ఆరు పని దినాల్లో హబ్ నుంచి మొదటిసారి బయటికి వెళ్లిన పార్సిళ్లు 500 అనుకుందాం. పోతనాళ ఊళ్లోకి 300, రోడ్డు వెంట పల్లెలకు 120, కాలువ క్యాంపులకు 80. మొదటి ప్రయత్నంలో ఇవ్వలేక వెనక్కి వచ్చినవి ఊళ్లో 36, పల్లెల్లో 18, క్యాంపుల్లో 28. మొత్తం 82.

చాలాచోట్ల రిపోర్టు ఇక్కడితో ఆగిపోతుంది. పై నుంచి కింద వరకు పెద్ద అంకె ఎక్కడుందో వెతికితే 36 కనిపిస్తుంది కాబట్టి పోతనాళ ఊరు మీద దృష్టి పెడతారు. కానీ 300లో 36 అంటే నూటికి 12. క్యాంపుల్లో 80కి 28 అంటే నూటికి 35. క్యాంపులకు పంపిన ప్రతి మూడు పార్సిళ్లలో ఒకటి ఆ రోజు చేరలేదన్నమాట. వెనక్కి వచ్చినవి ఎన్ని అన్న అంకె పక్కన తీసుకెళ్లినవి ఎన్ని అన్న అంకె లేకపోతే, ఆ రిపోర్టు డిస్పాచర్‌ను తప్పు ఊరికి పంపుతుంది.

ఇంకో మెలిక ఉంది. చేరని పార్సిల్‌ను మర్నాడు మళ్లీ పంపుతారు. మామూలుగా మూడు సార్లు చూసి, అప్పటికీ కాకపోతే పంపినవాళ్లకే తిప్పేస్తారు. దాన్ని ఆర్‌టీఓ అంటారు. మన క్యాంపుల లెక్కలో 28 రెండోసారి వెళ్లాయి, 16 చేరాయి, 12 మిగిలాయి. మూడోసారి 5 చేరాయి. చివరికి 7 తిరుగుముఖం పట్టాయి. ఇప్పుడు ప్రయత్నాలను లెక్కపెడితే 80, 28, 12 కలిపి 120. విఫలమైనవి 28, 12, 7 కలిపి 47. అంటే నూటికి 39. మొదటిసారి చేరనివి నూటికి 35. అసలు చేరనివి 80కి 7, నూటికి దాదాపు 9. ఈ మూడు అంకెలూ నిజమే, కానీ అవి మూడు వేరు ప్రశ్నలకు జవాబులు. బైకుకు పెట్రోలు ఎంత వృథా అయిందో తెలియాలంటే 39 చూడాలి. సరుకు ఎంత తిరిగిపోయిందో తెలియాలంటే 9 చూడాలి. డిస్పాచర్ రేపటి రన్ షీట్ ఎలా వేయాలో చెప్పేది మాత్రం మొదటి ప్రయత్నపు 35. ఒక వారం ఒక లెక్క, మరో వారం ఇంకో లెక్క తీసి పక్కపక్కన పెడితే ఏమీ మారకుండానే పని మెరుగైనట్టో దిగజారినట్టో కనిపిస్తుంది.

ఇక కారణాల గడికి వద్దాం. ఈ పని కొరియర్లు కనిపెట్టింది కాదు. పోస్ట్‌మ్యాన్ రిజిస్టరు ఉత్తరం మీద తలుపు తాళం అనో, తీసుకోలేదు అనో, చిరునామా చాలదు అనో రాసి వెనక్కి తేవడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ ఒక్క మాటకు కోర్టులో కూడా విలువ ఉంది. సరైన చిరునామాకు వెళ్లిన రిజిస్టరు నోటీసు తీసుకోలేదని తిరిగొస్తే, నోటీసు అందినట్టే భావించడం మన న్యాయస్థానాల పద్ధతి. అంత బరువైన మాటను ఇప్పుడు డెలివరీ బాయ్ ఫోన్‌లో ఒక జాబితా నుంచి వేలితో ఎంచుకుంటున్నాడు.

మన 82లో కస్టమర్ లేరు అన్న కారణం 36 సార్లు వచ్చింది. తీసుకోలేదు 16, డబ్బు సిద్ధంగా లేదు 12, చిరునామా సరిగా లేదు 12, ఫోన్ కలవలేదు 6. మొత్తం మీద చూస్తే మనుషులు ఇళ్లలో ఉండడం లేదనిపిస్తుంది. ప్రాంతాన్ని కూడా కలిపి చూడగానే ఆ బొమ్మ విడిపోతుంది. ఊళ్లోని 36లో 11 తీసుకోలేదు, 8 డబ్బు లేదు. సగానికి పైగా, అంటే 19, సరుకు చేతికొచ్చినప్పుడు డబ్బిచ్చే ఆర్డర్ల గొడవే. దానికి మందు పొద్దున్నే ఒక ఫోన్: ఇవాళ వస్తున్నాం, ఇంత డబ్బు కావాలి అని. అక్కడ బైకు దారి మార్చి లాభం లేదు.

క్యాంపుల 28లో మాత్రం కస్టమర్ లేరు 15, చిరునామా 7, మిగతా మూడు కారణాలూ రెండేసి. ఆ 15ను నమ్మే ముందు ఎంట్రీ పడిన టైము చూడాలి. మన ఉదాహరణలో 15లో 9 ఒకే బుధవారం, సాయంత్రం 5.40కి 5.55కి మధ్య పడ్డాయి. ఫోన్ చూపించిన చోటు క్యాంపు కాదు, పోతనాళ బస్టాండు. తొమ్మిది ఇళ్ల తలుపులు పదిహేను నిమిషాల్లో తట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక్కడే తొందరపడకూడదు. కాలువ లోపలి క్యాంపుల్లో సిగ్నల్ అందని చోట్ల యాప్ ఎంట్రీని ఫోన్‌లోనే దాచుకుని, సిగ్నల్ తగిలాక ఒక్కసారిగా పంపవచ్చు. అప్పుడు రిపోర్టులో కనిపించేది సర్వర్‌కు చేరిన టైము, కుర్రాడు వేలు పెట్టిన టైము కాదు. కొన్ని సిస్టమ్‌లలో రెండు టైములూ విడిగా దొరుకుతాయి. అవి దొరకని చోట మిగిలిన దారి ఒక్కటే, ఆ తొమ్మిది మందికీ డిస్పాచరే ఫోన్ చేయడం. అరగంట పని. ఆ అరగంటలో తేలేది ఏ సాఫ్ట్‌వేరులోనూ తేలదు.

ఫోన్ ఎత్తిన పెద్దావిడ, "ఎవరూ రాలేదు బాబూ, పొద్దుటి నుంచీ అరుగు మీదే ఉన్నాను" అంటుంది. ఇంకో ఇంటాయన, "వచ్చాడంటండీ, మేము నాట్లకెళ్లాం, పక్కింటోళ్లు చెప్పారు" అంటాడు. ఇలా అడిగితే తొమ్మిదిలో 2 ఇళ్లకు నిజంగా వెళ్లాడనీ, 7 ఇళ్లకు వెళ్లలేదనీ తేలిందనుకుందాం.

అప్పుడు లెక్క తిరగరాయాలి. ఆ ఏడింటిని విఫల ప్రయత్నాల్లోంచి తీసి, అసలు వెళ్లలేదు అన్న వేరే గడిలో వేయాలి. నిజంగా తలుపు దాకా వెళ్లినవి 80 కాదు, 73. ఇవ్వలేకపోయినవి 28 కాదు, 21. శాతం 35 నుంచి దాదాపు 29కి దిగుతుంది. కస్టమర్ లేరు 15 నుంచి 8కి పడిపోయి, చిరునామా 7 దాని పక్కకు వచ్చి నిలబడుతుంది. ఇందాకటి వరకు మనుషుల మీద ఉన్న నేరం ఇప్పుడు సగం మన పనితీరు మీదికి, సగం చిరునామా రాత మీదికి వచ్చింది.

ఏడింటికి ఎందుకు వెళ్లలేదో రన్ షీటే చెబుతుంది. ఊరికి రోజుకు సగటున 50 పార్సిళ్లు పడాల్సింది, ఆ బుధవారం 72 పడ్డాయి. షీటులో ఊరు ముందు, క్యాంపులు చివర. ఊరు పూర్తయ్యేసరికి పొద్దు వాలింది, క్యాంపులు మిగిలాయి. వెళ్లలేదు అని రాయడానికి జాబితాలో కారణం లేదు, ఉన్నా రాస్తే తిట్లు. అందుకని అతను దొరికిన మాట నొక్కాడు. అబద్ధం రాయడం తప్పే. కానీ నిజం రాసే గడి ఇవ్వకుండా ఆ కుర్రాణ్ని ఒక్కణ్నే నిలదీయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ గడి పెట్టి, అందులో పడిన పార్సిల్‌ను మూడు ప్రయత్నాల్లో ఒకటిగా లెక్కపెట్టకుండా ఉంటే, పార్సిల్ కోసం అరుగు మీద ఎదురుచూసిన పెద్దావిడ కూడా ఒక అవకాశం పోగొట్టుకోదు.

మిగిలిన 8 మంది నిజంగానే ఇంట్లో లేరు. నాట్ల రోజుల్లో పగటి పూట క్యాంపులో మనిషి ఎక్కడుంటాడు? మడిలో ఉంటాడు. క్యాంపుల పార్సిళ్లు రోజుకు పదమూడు, పద్నాలుగే. వాటిని ఊరి షీటు చివర తగిలించకుండా రోజు విడిచి రోజు వేరే షీటుగా కట్టి, సాయంత్రం నాలుగు తర్వాత పంపితే మనుషులూ దొరుకుతారు, ఊరి బరువు వాటి మీద పడదు. ఒక రోజు ఆలస్యమవుతుంది, నిజమే. రెండుసార్లు వెళ్లి తిరిగి రావడం కంటే అది నయం.

చిరునామా ఏడింటి సంగతి ఈ నేలకే ప్రత్యేకం. చీటీ మీద ఉండేది ఇంత: కె. రావు, ఫలానా క్యాంపు, పోతనాళ, రాయచూరు జిల్లా. దేవుడి పేరో, మొదట భూమి కొన్న పెద్దాయన పేరో క్యాంపుకు పెట్టుకోవడం వల్ల ఒకే పేరు రెండు కాలువల మీద ఉండొచ్చు. కె. రావులు ఒక్క క్యాంపులోనే ముగ్గురు ఉండొచ్చు. అక్కడ ఎవరినైనా వాళ్లు వచ్చిన సొంతూరి పేరుతోనో, ఇంటిపేరుతోనో పిలుస్తారు. ఆ ఇంటిపేరు చీటీ మీద ఒక్క ఇంగ్లీషు అక్షరంగా మిగిలింది. కన్నడంలో అడిగే కుర్రాడికి ఆ అక్షరం ఏ పనికీ రాదు. దీనికి తోడు ఆర్డరు పెట్టింది బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకు, నంబరూ అతనిదే. కుర్రాడు ఫోన్ చేసే వేళకు అతను మీటింగులో ఉంటాడు.

పిన్ కోడ్ ఇక్కడ సాయపడదు. 1972లో వచ్చిన ఆ ఆరంకెలు పోస్టాఫీసు దాకా తెస్తాయి, ఇంటి దాకా కాదు. ఒకే పిన్ కింద బజారూ, పల్లే, క్యాంపూ అన్నీ ఉంటాయి కాబట్టి పిన్ వారీగా తీసిన రిపోర్టులో 12, 35 పల్లెల లెక్కతో సహా కలిసిపోయి 16 అయి కూర్చుంటాయి. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ వేరు. అది దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరానికి పది అక్షరాల గుర్తు ఇచ్చింది. ఫోన్ జీపీఎస్ పక్క చదరం చూపించినా క్యాంపులో ఇల్లు దొరకడానికి అది చాలు. అంతవరకూ ఆగక్కర్లేదు కూడా. ఒకసారి చేర్చిన ఇంటి పక్కన ఏ డిస్ట్రిబ్యూటరీ, ఏ తూము దగ్గర, ఇంటిపేరు పూర్తిగా, ఇంట్లో ఉండేవాళ్ల నంబరు అని నాలుగు మాటలు హబ్‌లో రాసి పెట్టుకుంటే, రెండో పార్సిల్‌కు ఆ ఇల్లు వెతకాల్సిన పనుండదు.

ఇన్ని మార్చాక వచ్చే వారం క్యాంపుల్లో 28 బదులు 24 వచ్చాయనుకోండి. సంబరపడొద్దు. 80 పార్సిళ్ల మీద ఏ మార్పూ లేకపోయినా ఆ అంకె 20కీ 36కీ మధ్య అటూ ఇటూ ఊగుతుంది. ఫోన్ కలవలేదు 2 కాస్తా 5 అయినా అంతే. నాలుగు వారాలు కలిపి, 320 పార్సిళ్ల మీద చూడాలి. ఆ నాలుగు వారాలూ నాట్ల కాలంలో పడ్డాయా, కోతల కాలంలో పడ్డాయా అన్నది రిపోర్టు పైన రాసి ఉంచాలి. కాలువకు నీళ్లు వదిలిన వారానికీ, కట్టేసిన వారానికీ క్యాంపు ఇళ్లలో మనుషులు దొరికే వేళలు ఒకటి కావు.

ఇక రిపోర్టులో కొత్తగా చేర్చాల్సిన గడి ఒక్కటే నాకు తోస్తోంది: ఎవరితో మాట్లాడారు. పక్కింటావిడ, కొడుకు ఫోన్‌లో, కిరాణా కొట్టాయన, ఎవరూ కాదు. కస్టమర్ లేరు అన్న మాట పక్కన ఈ నాలుగింటిలో ఏది ఉందో చూస్తే చాలు, డిస్పాచర్ ఆ సాయంత్రం ఏ ఇంటికి ఫోన్ చేయాలో తెలిసిపోతుంది.