అడగని సేవకు బ్యాలెన్స్ కోత

ప్రీపెయిడ్ ఫోన్‌లో టాపప్‌గా వేసుకున్న 50 రూపాయల్లో 30 మాయమయ్యాయనుకుందాం. ఆ వెంటనే ఒక మెసేజ్: ‘మీ గేమ్స్ ప్యాక్ ప్రారంభమైంది, గడువు 7 రోజులు.’ చందాదారు ఏ గేమూ అడగలేదు. అలాగే వదిలేస్తే వారం తిరిగేసరికి మరో 30 పోతాయి.

ఇలాంటివి ఎక్కువగా మొబైల్ డేటా మీద వెబ్ పేజీలు చూస్తున్నప్పుడు అంటుకుంటాయి. నెట్‌వర్క్‌కు ఫోన్ నంబర్ ముందే తెలుసు కాబట్టి కార్డు వివరాలు, ఓటీపీ అడగకుండానే డబ్బు కోయగలదు. ప్రకటనను మూసేద్దామని నొక్కిన వేలు సమ్మతి బటన్ మీద పడితే చాలు. పోస్ట్‌పెయిడ్‌లోనైతే ఇది నెలాఖరు బిల్లులో ఒక వరుసగా కనిపిస్తుంది.

దీన్ని ఆపడానికే ట్రాయ్ 2013 జూలైలో ఆదేశం ఇచ్చింది. చందాదారు సేవను ఎంచుకున్న తర్వాత, ధర చెప్పి రెండోసారి స్పష్టమైన సమ్మతి తీసుకోవాలి. అది లేకుండా మొదలుపెట్టిన సేవపై 24 గంటల్లోపు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. అందుకే మెసేజ్ రాగానే కదలాలి.

మొదట టోల్‌ఫ్రీ నంబర్ 155223కు ఫోన్ చేసి సేవను ఆపించాలి. అక్కడితో ఊరుకుంటే వచ్చే వారం కోత ఆగుతుంది గానీ, పోయిన 30 రూపాయలు రావు. వెంటనే 198కి ఫోన్ చేసి ఫిర్యాదుగా నమోదు చేయించాలి. “నేను ఈ సేవ అడగలేదు. నా రెండో సమ్మతి ఎప్పుడు, ఎలా తీసుకున్నారో చూపించండి. డబ్బు వెనక్కి వేయండి. ఇకపై ఏ అదనపు సేవా మొదలవకుండా నా నంబర్‌ను బ్లాక్ చేయండి” అని చెబితే చాలు. మాట ముగించే ముందు డాకెట్ నంబర్ రాసుకోవాలి. అది లేకపోతే పై మెట్టులో ఫిర్యాదు చేసినట్టు చూపడం కష్టం. కోత మెసేజ్ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోవాలి.

1909లో డీఎన్‌డీ పెట్టుకుంటే సేవలు అంటగట్టే ప్రచార కాల్స్ తగ్గుతాయి. వెబ్ పేజీలో అంటుకునే చందాలను అది ఆపలేదు. కాబట్టి బ్లాక్ విడిగా అడగాల్సిందే.

కోతలు ఎన్నాళ్లుగా సాగుతున్నాయో తెలియని ప్రీపెయిడ్ చందాదారు గత ఆరు నెలల్లోని వాడకం వివరాలను వస్తువారీగా అడగవచ్చు. దానికి ఆపరేటర్ 50 రూపాయలకు మించి వసూలు చేయకూడదు.

198లో న్యాయం జరగకపోతే అదే డాకెట్ నంబర్‌తో ఆ కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. రుసుము లేదు, నిర్ణయానికి గడువు 39 రోజులు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. అప్పీలులోనూ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం సేవలపై వినియోగదారులు అక్కడికి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది.