తడిసిన చీరకు మార్చి 31న ధర ఎంత?

విజయవాడలో ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. వాన నీటికి 40 చీరలకు మరకలు పడ్డాయి. ఒక్కోటి కొన్నది 1,500 రూపాయలకు. ఇప్పుడు 1,100కు మించి ఎవరూ కొనరు. అదీ ఉతికించడానికి 100, అమ్మిపెట్టినవారి కమీషన్ 50 పోగా చేతికొచ్చేది 950.

ముగింపు సరుకు లెక్కలో ఈ చీర విలువ ఆ 950 రూపాయలే. కొన్న ధర, ఖర్చులు పోగా అమ్మకంలో మిగిలే మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే రాయాలని అకౌంటింగ్ ప్రమాణం-2 చెబుతోంది. 60,000 రూపాయల సరుకు 38,000కు దిగుతుంది. 22,000 నష్టం ఈ ఏడాదే చూపాలి.

పక్క అరలో మూడేళ్లుగా కదలని చీరలున్నాయి. కొన్నది 2,000. తగ్గింపు ఇచ్చినా 2,300కు పోతాయి, అమ్మే ఖర్చు 100. మిగిలేది 2,200 కాబట్టి విలువ 2,000గానే ఉంటుంది. పాతబడటం ఒక హెచ్చరిక మాత్రమే. విలువ తగ్గించడానికి అది ఒక్కటే చాలదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: పట్టుచీరల్లో రాబోయే లాభం చూపి మరకల చీరల నష్టాన్ని కప్పేస్తారు. అది కుదరదు. ఏ రకానికి ఆ రకం విడిగా లెక్కకట్టాలి.

అంచనా ధరపై అనుమానముంటే ఏప్రిల్ అమ్మకం బిల్లులు తీసి చూడండి.