నిల్వల్లో ఆగిన లక్ష

2016 నవంబరు 10. పెద్ద నోట్ల రద్దు తర్వాత బ్యాంకులు జనానికి తలుపులు తెరిచిన మొదటి రోజు. విజయవాడలో ఒక వ్యాపారి లక్ష రూపాయల పాత నోట్లు తన ఖాతాలో వేశారనుకుందాం. ఆ లక్ష ఏమైందో చూడాలంటే కాగితం మీద పెద్ద ‘టీ’ అక్షరం గీసుకోండి. ఎడమవైపు బ్యాంకు ఆస్తులు, కుడివైపు అది ఇతరులకు చెల్లించాల్సినవి. డిపాజిట్ వ్యాపారికి సొమ్ము, బ్యాంకుకు అప్పు. అందుకే కుడివైపున డిపాజిట్ లక్ష పెరుగుతుంది. నోట్లు రిజర్వు బ్యాంకుకు చేరగానే అక్కడి బ్యాంకు ఖాతాలో జమ పడి, ఎడమవైపున నిల్వ కూడా లక్ష పెరుగుతుంది.

ఇంతవరకూ కొత్త డబ్బు పుట్టలేదు. చేతిలోని నోట్లు ఖాతాలో అంకెగా మారాయంతే.

అప్పట్లో సీఆర్‌ఆర్ 4 శాతం. అంటే ఈ లక్షకు తప్పనిసరిగా ఉంచాల్సింది 4,000. మిగిలిన 96,000 అదనపు నిల్వ. బ్యాంకు జాగ్రత్తకని మరో 6,000 అట్టిపెట్టుకుని 90,000 అప్పిచ్చిందనుకోండి. అప్పు మంజూరైన క్షణంలో ఎడమవైపు ‘అప్పులు 90,000’ అని, కుడివైపు రుణగ్రహీత పేర ‘డిపాజిట్ 90,000’ అని రాస్తారు. కొత్త డబ్బు పుట్టేది ఇక్కడే. అతను చెక్కు ఇస్తే, ఆ డబ్బు రెండో బ్యాంకుకు వెళ్తుంది. మొదటి బ్యాంకులో ఆ డిపాజిట్, 90,000 నిల్వ రెండూ చెరిగిపోతాయి.

రెండో బ్యాంకు తన టీలో పదో వంతు, 9,000, ఉంచి 81,000 అప్పిస్తుంది. ఇలా సాగితే మొత్తం డిపాజిట్లు 10 లక్షల దగ్గర ఆగుతాయి. అదనంగా ఏ బ్యాంకూ ఏమీ ఉంచకపోతే అవి 25 లక్షలయ్యేవి. వందకు ఆరు రూపాయల జాగ్రత్త 15 లక్షలను పుట్టకుండా ఆపింది. నిజానికి ప్రతి మెట్టులో కొంత నగదుగా బయటికి పోతుంది, అప్పు అడిగేవాళ్లూ ఉండాలి. కాబట్టి 10 లక్షలు కూడా పైహద్దే.

2016లో అడిగేవాళ్లు తక్కువ, నిల్వలు మాత్రం కుప్పలు. ఎడమవైపు నిల్వలోనే లక్ష దాదాపుగా నిలిచిపోయింది. నవంబరు 26న రిజర్వు బ్యాంకు, సెప్టెంబరు 16 నుంచి నవంబరు 11 దాకా పెరిగిన డిపాజిట్ల మీద నూరు శాతం సీఆర్‌ఆర్ విధించింది. మన వ్యాపారి లక్ష ఆ గడువులోనే పడింది. టీలో అంకె ఒక్కటీ మారలేదు. నిన్నటి అదనపు నిల్వ ఇవాళ తప్పనిసరి నిల్వ అయింది. దాని మీద వడ్డీ రాదు, డిపాజిట్‌దారుకు మాత్రం బ్యాంకు వడ్డీ కట్టాలి.

అది ఎక్కువ కాలం సాగలేదు. డిసెంబరు 2న మార్కెట్ స్థిరీకరణ పథకం పరిమితిని 30 వేల కోట్ల నుంచి 6 లక్షల కోట్లకు పెంచారు, డిసెంబరు 10 నుంచి నూరు శాతం నిబంధన తీసేశారు. బ్యాంకులు ఆ పత్రాలు కొన్నాయి. టీలో ఎడమవైపు నిల్వ తగ్గి, దాని చోట వడ్డీ తెచ్చే ప్రభుత్వ పత్రాలు చేరాయి. కుడివైపు వ్యాపారి లక్ష అలాగే ఉంది.