వీడియోను జిప్ చేస్తే ఎందుకు తగ్గదు?

స్కూల్ వార్షికోత్సవంలో పాప చేసిన డాన్స్‌ను నాలుగు నిమిషాలు ఫోన్‌లో తీశారనుకోండి. ఫైలు 510 ఎంబీ వచ్చింది. పంపడానికి పెద్దదవుతోందని కంప్యూటర్‌లో జిప్ చేస్తే మహా అయితే రెండు మూడు ఎంబీలు తగ్గుతుంది. రార్‌తో చేసినా, సెవెన్‌జిప్‌తో చేసినా అంతే. అదే కంప్యూటర్‌లో మామూలు టెక్స్ట్ ఫైలును జిప్ చేస్తే నాలుగో వంతుకో, అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. రెండు ఫైళ్ల లోపల ఉన్న సరుకు వేరు.

జిప్ ఫైళ్లలో ఎక్కువగా వాడే పద్ధతిని డిఫ్లేట్ అంటారు. అమెరికన్ ప్రోగ్రామర్ ఫిల్ కాట్జ్ తన పీకేజిప్ సాఫ్ట్‌వేర్ కోసం దాన్ని తయారుచేశాడు. అది చేసే పనులు రెండు. ఒకసారి వచ్చిన బైట్ల వరుస మళ్లీ వస్తే, దాన్ని మళ్లీ రాయకుండా ‘ఇంత దూరం వెనక్కి వెళ్లి ఇన్ని బైట్లు తెచ్చుకో’ అని చిన్న గుర్తు పెడుతుంది. ఆపైన, తరచుగా వచ్చేవాటికి పొట్టి కోడ్, అరుదుగా వచ్చేవాటికి పొడుగు కోడ్ ఇస్తుంది. ‘తెలుగు’ అనే మాట కంప్యూటర్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో ఎలా ఉంటుందో చూడండి:

```
E0 B0 A4  E0 B1 86  E0 B0 B2
E0 B1 81  E0 B0 97  E0 B1 81
```

ఆరు గుర్తులకు 18 బైట్లు. ప్రతి గుర్తూ E0తోనే మొదలవుతోంది, రెండో బైటు B0 లేదా B1. రెండు కొమ్ములకూ అవే మూడు బైట్లు. ఆ పైన మాటలకు మాటలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. జిప్‌కు ఇంతకన్నా అనువైన సరుకు ఉండదు.

ఇప్పుడు వీడియో సంగతి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ ఒక్కదానిలో 1920×1080, అంటే 20 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున బొమ్మకు 62 లక్షల బైట్లు. సెకనుకు 30 బొమ్మలు కాబట్టి సెకనుకు 187 ఎంబీ. ఆ లెక్కన నాలుగు నిమిషాల డాన్స్ దాదాపు 45 జీబీ కావాలి. మీ చేతికొచ్చింది 510 ఎంబీ. అంటే మీరు జిప్ మొదలుపెట్టకముందే ఫోన్ దాన్ని 88వ వంతుకు దించేసింది. మిల్లులో పడి రసమంతా పోయిన చెరుకు పిప్పిని మళ్లీ మిల్లులో పెడితే ఏమొస్తుంది?

ఫోన్ ఆ పని ఎలా చేసిందో తెలిస్తే అసలు కిటుకు అర్థమవుతుంది. మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత నిశితంగా రంగుల్ని పట్టదు. అందుకని రంగుల వివరాన్ని తగ్గించి దాస్తుంది. దాంతోనే సగం పోతుంది. తర్వాత ఒక బొమ్మను పూర్తిగా దాచి, ఆ పక్క బొమ్మల్లో మారినదాన్ని మాత్రమే రాసుకుంటుంది. వేదిక వెనక తెర కదలదు కాబట్టి దానికి ఖర్చు దాదాపు లేదు. పాప చెయ్యి కదిలితే ‘ఈ ముక్క ఇంత పక్కకు జరిగింది’ అని రాసుకుంటుంది. అలా రాసుకున్నాక కూడా మిగిలే చిన్న చిన్న తేడాల్లో, కంటికి ఆననివాటిని లెక్క సరిచేసినట్టు గుండుగుత్తగా సున్నా చేసేస్తుంది. ఫైలు బాగా చిక్కేది ఇక్కడే, నాణ్యత పోయేదీ ఇక్కడే. చివరగా మిగిలిన అంకెలకు పొట్టి, పొడుగు కోడ్‌లు ఇస్తుంది. ఇది జిప్ చేసే పనే, కానీ జిప్ కన్నా మెరుగైన పద్ధతిలో.

అన్నీ అయ్యాక మిగిలిన బైట్లలో తిరిగి వచ్చే వరుసలుండవు, ఎక్కువ తక్కువలుండవు. పాచికలు వేసి రాసిన అంకెల్లా ఉంటాయి. జిప్ వెతికే రెండూ అక్కడ లేవు. తగ్గిన ఆ కాస్త కూడా ఫైలులోని పట్టికల వంటి చిల్లర భాగాల నుంచి వచ్చిందే. పైగా జిప్‌కు ఒక నియమం ఉంది. విప్పినప్పుడు ప్రతి బైటూ ఉన్నదున్నట్టు తిరిగి రావాలి. ఏదీ పారేసే హక్కు దానికి లేదు. వీడియో ఇంకా తగ్గాలంటే మాత్రం ఏదో ఒకటి పారేయక తప్పదు.

ఏది పారేయాలో తేల్చడానికి ఒక్క లెక్క చాలు. సెకనుకు ఎన్ని బిట్లు వాడుతున్నామో అదే బిట్‌రేటు. దాన్ని సెకన్లతో గుణించి ఎనిమిదితో భాగిస్తే ఫైలు సైజు వస్తుంది. మన డాన్స్ వీడియో సెకనుకు 17 మెగాబిట్లది. 17ను 240 సెకన్లతో గుణించి ఎనిమిదితో భాగిస్తే 510 ఎంబీ. దీన్ని 100 ఎంబీకి తేవాలంటే 800 మెగాబిట్లను 240 సెకన్లకు పంచాలి, అంటే సెకనుకు 3.3 మెగాబిట్లు. ఇందులో పాటకు 0.13 చాలు, మిగిలిందంతా బొమ్మకు.

ముందు కత్తిరించండి. మొదట్లో మైక్ సర్దుకున్న నిమిషం, చివర చప్పట్ల తర్వాతి గోల తీసేస్తే నాణ్యత నయాపైసా తగ్గకుండా సైజు తగ్గుతుంది. తర్వాత, ఫోన్‌కు లేని తీరిక కంప్యూటర్‌కు ఉంది. ఫోన్ వీడియో తీస్తున్నప్పుడే హడావిడిగా కుదించాలి కాబట్టి బిట్లు ధారాళంగా ఖర్చు చేస్తుంది. కంప్యూటర్ నిదానంగా వెతికి అదే బొమ్మను తక్కువ బిట్లలో చెప్పగలదు. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ ఈ పని చేస్తుంది. కమాండ్ రాయగలిగితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఇలా:

```
ffmpeg -i dance.mp4 -vf scale=-2:720 -c:v libx264 -crf 23 -preset slow -c:a aac -b:a 128k dance720.mp4
```

ఇందులో scale బొమ్మ ఎత్తును 1080 నుంచి 720కి దించుతుంది. చుక్కలు సగానికన్నా తగ్గుతాయి, ఫోన్‌లో చూసేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు. crf అంటే ఎంత నాణ్యత నిలపాలో చెప్పే అంకె. హ్యాండ్‌బ్రేక్‌లో ఇదే RF పేరుతో కనిపిస్తుంది. అంకె పెరిగితే నాణ్యత తగ్గుతుంది, ఆరు పెంచితే సైజు దాదాపు సగమవుతుంది. అయితే crf ఇచ్చినప్పుడు ఫైలు ఎంత వస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేం. తెర కదలని సంగీత కచేరీ బాగా తగ్గుతుంది. రంగు కాగితాలు ఎగిరి, లైట్లు మినుకుమినుకుమనే డాన్స్ అంతగా తగ్గదు. 1080 అలాగే ఉంచాలనుకుంటే 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతి వాడవచ్చు. అదే నాణ్యతను తక్కువ బిట్లలో ఇస్తుంది కానీ, పాత టీవీల్లో ఆడకపోవచ్చు.

పేరు చివర ఎంకేవీని ఎంపీ4గా మారిస్తే సైజు తగ్గదు, అది పైపెట్టె మాత్రమే. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన ఫైలును మళ్లీ కుదించడం కూడా దండగ. వాట్సాప్ ఒకసారి కుదించే పంపింది, ఇక మీరు చేసేది బొమ్మను పాడుచేయడమే. బిట్‌రేటు ఇప్పటికే ఒకటి రెండు మెగాబిట్లుంటే, కొత్త ఫైలు పాతదానికన్నా పెద్దది కావడం కూడా మామూలే. అందుకే మొదలుపెట్టే ముందే బిట్‌రేటు చూసుకోవాలి. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్‌లో అది ఉంటుంది.

పని అయ్యాక ఫలితాన్ని ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద చూడండి. చీకటిగా ఉన్న చోట, బాగా వేగంగా తిరిగిన చోట ఆపి చూడండి. నల్లటి తెర మీద గళ్లు, ముఖాల చుట్టూ మసక కనిపిస్తే crf రెండు తగ్గించి మళ్లీ చేయండి. ఆ మళ్లీ చేసేదీ అసలు ఫైలు నుంచే, కుదించినదాని నుంచి కాదు. పారేసిన వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు కాబట్టి, చిన్న ఫైలు బంధువులకు వెళ్లినా 510 ఎంబీల అసలుది హార్డ్‌డిస్కులో ఉండాల్సిందే.